కొసలు మాత్రమే తాకే ఇంటర్వల్స్: ఒక భవనం కరెంటు లాగ్‌లో కనిపించని 8 నిమిషాలు

హైదరాబాద్ కొండాపూర్‌లోని ఒక ఆఫీసు భవనంలో లిఫ్టులు, నీటి పంపులు నెలకు ఎంతసేపు ఆగిపోయాయో లెక్కగట్టి, అద్దెకున్న సంస్థలకు నివేదిక ఇచ్చే పని మా బృందానికి వచ్చింది. లెక్క వేసే స్క్రిప్టు మాకంటే ముందే అక్కడ ఉంది, నెలనెలా నడుస్తూనే ఉంది. ఒక నెల నివేదిక చూసి, రాత్రి షిఫ్టు నడిపే ఒక సంస్థ వాళ్లు అభ్యంతరం చెప్పారు. తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో, షిఫ్టు ముగించి క్యాబ్‌ల కోసం కిందికి దిగే సమయంలో, లిఫ్టులు దాదాపు ఎనిమిది నిమిషాలు కదలలేదని, నివేదికలో మాత్రం ఆ సంఘటన జాడే లేదని వారి ఫిర్యాదు. లాగ్ తెరిచి చూస్తే ఆ సంఘటన శుభ్రంగా నమోదై ఉంది. లాగ్‌లో ఉన్నది నివేదికలోకి రాకుండా ఎక్కడ జారిపోయిందో వెతకడమే ఈ కేసు.

ముందుగా, ఇక్కడ ఏది కొలుస్తున్నామో చెప్పాలి. భవనానికి వచ్చే సరఫరా మూడు ఫేజ్‌లది: ఆర్, వై, బీ. లిఫ్టు మోటారు, పంపు మోటారు మూడు ఫేజ్‌ల మీదే నడుస్తాయి. ఒక్క ఫేజ్ పోయినా మోటారు మిగిలిన రెండింటి మీద అధిక కరెంటు లాగి వేడెక్కుతుంది కాబట్టి, అలా జరగకుండా ప్యానెల్‌లోని రిలే దాన్ని వెంటనే ఆపేస్తుంది. అంటే మనకు కావలసింది ఏ ఫేజ్ ఎంతసేపు పోయిందనే మూడు వేర్వేరు మొత్తాలు కావు. మూడింటిలో ఏదో ఒకటైనా లేని సమయం మొత్తం. మీటరు ఒక్కో ఫేజ్‌కు విడివిడిగా ‘ఎప్పటి నుంచి ఎప్పటి వరకు లేదు’ అని వరుసలు రాస్తుంది. ఆ వరుసలు ఒకదానిపై ఒకటి పడుతుంటాయి, ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి, కొన్ని కొసల దగ్గర మాత్రమే తాకుతాయి. వాటన్నిటినీ కలిపి, విడివిడి ఖండాలుగా మార్చి, వాటి నిడివి కూడాలి. ఇది సార్ట్ చేసి ఇంటర్వల్స్‌ను కలిపే సుపరిచితమైన లెక్కే.

మీటరుతో పాటు రెండో మూలం ఒకటి ఉంది. మీటరు నుంచి డేటా తెచ్చే గేట్‌వే అప్పుడప్పుడు తెగిపోతుంది. ఆ సమయానికి పంపు గదిలోని ప్యానెల్ కంట్రోలర్ లాగ్‌ను వాడుకోవాలి. ఇక మూడోది, నేల అంతస్తులో ఎలక్ట్రీషియన్ చేత్తో రాసే రిజిస్టరు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఆ రోజు వరుసలు

ఫిర్యాదు వచ్చిన రోజుకు సంబంధించిన వరుసలను మొదలైన సమయం ప్రకారం సార్ట్ చేసి ఇక్కడ ఇస్తున్నాను. మొదటి నిలువు వరుస ఫేజ్‌ను గాని ప్యానెల్‌ను గాని తెలుపుతుంది. సమయాలు లాగ్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, ఏదీ సవరించలేదు.

```
Y      01:12:00  01:21:00
R      01:12:00  01:47:00
Y      01:30:00  01:36:00
B      01:40:00  01:59:00
panel  03:05:00  03:19:59
panel  03:20:00  03:31:59
B      05:26:00  05:30:00
B      05:30:00  05:34:00
R      14:02:05  14:09:50
R      14:10:20  14:25:00
```

ఇందులో మూడు చోట్ల మూడు రకాల ‘తాకడం’ ఉంది. ఐదున్నర దగ్గర ఒక వరుస ముగింపు, తరువాతి వరుస మొదలు అక్షరాలా ఒక్కటే. 03:20 దగ్గర రెండు కొసల మధ్య ఒక సెకను తేడా కనిపిస్తుంది. 14:10 దగ్గర 30 సెకన్ల ఖాళీ ఉంది. కళ్లతో చూస్తే మూడూ దాదాపు ఒకేలా ఉంటాయి కాని, మూడింటికీ సమాధానం ఒకటి కాదు.

సార్ట్ తరువాత చివరి ఖండాన్ని మాత్రమే చూస్తే ఎందుకు చాలు

పద్ధతి చిన్నదే. వరుసలను మొదలైన సమయం ప్రకారం సార్ట్ చేస్తాం. మొదటి వరుసను ఒక ఖండంగా తీసుకుంటాం. తరువాత వచ్చే ప్రతి వరుస మొదలును ఇప్పటిదాకా తయారైన చివరి ఖండం ముగింపుతో పోలుస్తాం. ఆ ముగింపుకు ముందే మొదలైతే ఖండాన్ని అవసరమైనంత పొడిగిస్తాం, ముగిశాక మొదలైతే కొత్త ఖండం తెరుస్తాం. అంతకు ముందరి ఖండాలను మళ్లీ చూడవలసిన పని లేదు. ఒక వరుస చివరి ఖండం ముగింపును దాటి మొదలైందంటే, దాని తరువాత వచ్చే వరుసలన్నీ అంతకంటే ఆలస్యంగానో, అదే క్షణానో మొదలవుతాయి. కాబట్టి వెనుకటి ఖండం ఇక పెరిగే అవకాశం లేదు. సార్ట్ మనకిచ్చే హామీ ఇదొక్కటే, కలిపే పనంతా దీని మీదే నిలబడి ఉంది. ఖర్చు కూడా దాదాపుగా సార్ట్‌దే: `n` వరుసలకు సార్ట్‌కు `O(n log n)`, ఆ తరువాత ఒక్కసారి నడిచి రావడానికి `O(n)`.

పొడిగించేటప్పుడు కొత్త ముగింపును పాత ముగింపుతో పోల్చి పెద్దదాన్ని ఉంచాలి. రాత్రి ఒంటిగంట దాటాక వచ్చిన వరుసలు దీనికి మంచి ఉదాహరణ. 01:47 వరకు సాగిన ఆర్ వరుసలో 01:30 నుంచి 01:36 వరకు ఉన్న వై వరుస పూర్తిగా ఇమిడిపోయింది. `max` లేకుండా ముగింపును నేరుగా మార్చేస్తే, ఖండం ముగింపు 01:47 నుంచి 01:36కు వెనక్కి జారుతుంది. ఆపై వచ్చే 01:40 వరుస కొత్త సంఘటనలా కనిపిస్తుంది. అప్పుడు 47 నిమిషాల ఒకే ఖండానికి బదులు 24, 19 నిమిషాల రెండు ఖండాలు వస్తాయి. 01:36 నుంచి 01:40 దాకా, ఆర్ ఫేజ్ లేని ఆ నాలుగు నిమిషాలు, లెక్కలోంచి మాయమవుతాయి. మాకు దొరికిన స్క్రిప్టులో ఈ లోపం లేదు. అయినా ఇది ముందు చెప్పడానికి కారణముంది: నిమిషాలు తగ్గాయని తెలిసినప్పుడు మొదట అనుమానించవలసింది దీన్నే, దీన్ని తోసిపుచ్చాకే కొసల దగ్గరికి వెళ్లాలి.

ఐదున్నర దగ్గర ఏం జరిగింది

స్క్రిప్టులో పోలిక `<`తో ఉంది. అంటే కొత్త వరుస మొదలు, చివరి ఖండం ముగింపు కంటే కచ్చితంగా తక్కువైతేనే కలుపుతుంది. 05:30:00 అనేది 05:30:00 కంటే తక్కువ కాదు కాబట్టి, ఆ రెండు వరుసలు చెరో నాలుగు నిమిషాల రెండు ఖండాలుగా మిగిలాయి.

ఇంతవరకూ జరిగినది పెద్ద నష్టమేమీ కాదు. రెండు నాలుగులు ఎనిమిదే. కొసలు మాత్రమే తాకే ఇంటర్వల్స్‌ను కలిపినా కలపకపోయినా మొత్తం నిడివి మారదు, ఖండాల సంఖ్య మాత్రమే మారుతుంది. చాలామంది ఈ ఒక్క కారణంతోనే `<` అయినా `<=` అయినా ఒకటేనని వదిలేస్తారు. మొత్తం మాత్రమే అడిగినప్పుడు ఆ మాట నిజమే. ఇక్కడ అది చెల్లకపోవడానికి కారణం తరువాతి మెట్టులో ఉంది. ఒప్పందం ప్రకారం 5 నిమిషాలు మించిన నిలుపుదలలనే లెక్కలోకి తీసుకోవాలి. విద్యుత్ సరఫరా నమ్మకాన్ని కొలిచే ఐఈఈఈ 1366 ప్రమాణంలోనూ 5 నిమిషాలు మించితేనే అది దీర్ఘ అంతరాయం, లోపలిదైతే క్షణిక అంతరాయం. స్క్రిప్టు ముందు కలిపి, తరువాత ఈ హద్దు పెట్టింది. నాలుగు నిమిషాల ముక్క హద్దు దాటలేదు, రెండో ముక్కా దాటలేదు. ఎనిమిది నిమిషాల సంఘటన రెండుగా చీలి, రెండు సగాలూ విడివిడిగా జల్లెడలోంచి జారిపోయాయి.

అంటే తాకిన కొసలను కలపకపోవడం వల్ల మొత్తం మారదన్న మాట, నిడివి మీద ఏదైనా షరతు పెట్టిన మరుక్షణం తప్పవుతుంది. షరతు ‘ఇంతకు మించినవి’ అన్నదైనా, ‘అన్నిటికంటే పొడవైనది’ అన్నదైనా, ‘సగటు నిడివి’ అన్నదైనా అంతే.

ఆ రోజు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక విచిత్రం కనబడింది. ప్యానెల్ వరుసల ముగింపులను సరిచేశాక (దాని సంగతి కింద ఉంది), `<=`తో కలిపితే ఖండాలు ఐదు: 47 నిమిషాలు, 27 నిమిషాలు, 8 నిమిషాలు, 7 నిమిషాల 45 సెకన్లు, 14 నిమిషాల 40 సెకన్లు. ఐదూ హద్దు దాటినవే, మొత్తం 104 నిమిషాల 25 సెకన్లు. `<`తో కలిపితే ఖండాలు ఏడు. వాటిలో హద్దు దాటినవి మళ్లీ ఐదే, మొత్తం మాత్రం 96 నిమిషాల 25 సెకన్లు. ఎందుకంటే ఐదున్నర దగ్గర ఒక సంఘటన పూర్తిగా పోయింది, 03:20 దగ్గర ఒకే సంఘటన రెండుగా లెక్కకు వచ్చింది. ఒకటి తగ్గి, ఒకటి పెరిగి, సంఖ్య సరిపోయింది. కాబట్టి నివేదికలోని సంఘటనల సంఖ్యను మాత్రమే సరిచూసుకునేవారికి ఈ లోపం ఎన్నటికీ కనిపించదు. సంఖ్య, మొత్తం రెండింటినీ వేరే దారిలో లెక్కగట్టి పోల్చాలి.

హద్దును కలపడానికి ముందే పెడితే పరిస్థితి ఇంకా వేరు. అప్పుడు పోలికను `<=`కు మార్చినా ఐదున్నర వరుసలు రెండూ ముందే తొలగిపోతాయి, కలపడానికి ఏమీ మిగలదు. సంఘటనలు నాలుగు, మొత్తం 96 నిమిషాల 25 సెకన్లు వస్తుంది. అందువల్ల పోలిక గుర్తు సరిచేయడంతో పాటు, జల్లెడ ఎప్పుడూ కలిపిన తరువాతే పట్టాలన్న క్రమం కూడా కోడ్‌లో స్పష్టంగా ఉండాలి.

ఇంతకీ సంఘటన 05:30కే ఎందుకు చీలింది? గేట్‌వే తన లాగ్‌ను రోజుకో ఫైలుగా రాస్తుంది, రోజు మారే క్షణంలో తెరిచి ఉన్న వరుసను మూసి కొత్త ఫైలులో మళ్లీ తెరుస్తుంది. దాని గడియారం యూటీసీలో ఉంది. మన సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు కాబట్టి అక్కడి అర్ధరాత్రి ఇక్కడ ఉదయం 05:30. మన అర్ధరాత్రి దగ్గర వెతికితే ఏమీ దొరకదు. ఇలాంటి కృత్రిమ చీలికను పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. ఒక నెల వరుసల ముగింపులన్నీ తీసి, తేదీ వదిలేసి, గడియారంలో ఏ సమయానికి ఎన్ని ముగిశాయో లెక్కబెడతాను. నిజమైన సంఘటనలు ఏ సెకనుకైనా ముగుస్తాయి. ఒకే సెకను దగ్గర, అదీ 05:30:00 లాంటి గుండు సమయం దగ్గర, ముగింపులు పోగుపడితే అక్కడ కత్తిరిస్తున్నది లాగ్ రాసే యంత్రమే. మొదళ్లకూ అదే లెక్క వేస్తే, అదే సెకను దగ్గర అంతే పోగు కనిపిస్తుంది. రెండు పోగులూ సరిపోలితే సందేహం తీరినట్టే.

ఒక సెకను తేడా

ప్యానెల్ కంట్రోలర్ ఒక్కో వరుసలో 15 నిమిషాలకు మించి రాయదు. అది దాటితే కొత్త వరుస తెరుస్తుంది. 03:05 నుంచి 03:32 దాకా సాగిన ఒకే సంఘటన అందుకే రెండు వరుసలైంది. కాని ఇక్కడ మొదటి వరుస ముగింపు 03:19:59, రెండో వరుస మొదలు 03:20:00. పోలికను `<=`కు మార్చినా ఇవి కలవవు.

మీటరు రాసే ముగింపు అంటే ‘ఫేజ్ తిరిగి వచ్చిన క్షణం’. ఆ సెకను నిలుపుదలలో భాగం కాదు. ప్యానెల్ రాసే ముగింపు అంటే ‘ఫేజ్ లేని చివరి సెకను’. ఆ సెకను నిలుపుదలలో భాగమే. మీటరు వరుసలో మొదలు చేరుతుంది, ముగింపు చేరదు. ప్యానెల్ వరుసలో రెండు కొసలూ చేరతాయి. రెండు లాగ్‌లలోనూ నిలువు వరుసల పేర్లు ఒకటే, సమయం రాసే తీరు ఒకటే. అర్థం మాత్రం ఒక సెకను వేరు. ఈ రెండింటినీ ఒకే జాబితాలో పోసి సార్ట్ చేయడం సరికాదు.

దీనికి పరిష్కారం కలిపే ఫంక్షన్‌లో ఉండకూడదని నా దృఢమైన అభిప్రాయం. కలిపే చోట `s <= end + 1` అని రాస్తే ప్యానెల్ వరుసలు కలుస్తాయి, నిజమే. కాని అదే సడలింపు మీటరు వరుసలకూ వర్తిస్తుంది. పైగా ప్యానెల్ వరుసతో ముగిసే ప్రతి ఖండం నిడివి ఒక సెకను తక్కువగానే మిగిలిపోతుంది. సరైన చోటు డేటా లోపలికి వచ్చే గుమ్మం. ప్యానెల్ లాగ్ చదివే చోటే ముగింపుకు ఒక సెకను కలిపి, లోపల ఉన్నవన్నీ మొదలు చేరి ముగింపు చేరని ఇంటర్వల్స్‌గా మార్చేయాలి. ఆ తరువాత ‘తాకడం’ అంటే ముగింపు, మొదలు సరిసమానం కావడమే. నిడివి అంటే నేరుగా `e - s`. తాకిన రెండు ఖండాల నిడివులు కూడితే కలిపిన ఖండం నిడివి వస్తుంది, ఏ సెకనూ రెండుసార్లు లెక్కకు రాదు. మార్చకుండా వదిలేస్తే ఈ రోజు లెక్కలో మొత్తం రెండు సెకన్లు తగ్గుతుంది, 03:20 దగ్గర సంఘటన రెండుగా మిగులుతుంది, ఖండాలు ఆరవుతాయి.

పై పట్టికను సవరించకుండా `<=`తో కలిపితే వచ్చే మొత్తం 104 నిమిషాల 23 సెకన్లే, అంటే సరిగ్గా రెండు సెకన్ల తగ్గుదల. ఇలా ప్యానెల్ వరుసకు ఒక సెకను చొప్పున తగ్గుతుందా అని చూడటమే మంచి తనిఖీ; తేడా ప్యానెల్ వరుసల సంఖ్యతో సరిపోలితే కారణం కొసల అర్థమే.

పోస్ట్‌గ్రెస్‌లో రేంజ్ రకాలు వాడేవారికి ఈ మార్పిడి పరిచయమే. తేదీల రేంజ్‌ను రెండు కొసలూ చేర్చి ఇచ్చినా, అది దాన్ని `[)` రూపంలోకి మార్చి దాచుకుంటుంది. తేదీ, పూర్ణాంకం లాంటి విడివిడి విలువలకు ‘తరువాతిది’ అనేది ఒకటి ఉంటుంది కాబట్టి అది సాధ్యం. టైమ్‌స్టాంపుల రేంజ్‌కు అలా మార్చదు, మనం ఇచ్చిన కొసలనే ఉంచుతుంది. సెకన్లలో రాసిన లాగ్‌కు ‘తరువాతిది’ ఒక సెకనే అన్న సంగతి డేటాబేస్‌కు తెలియదు, అది తెలిసింది మనకే.

కోడ్

సమయాలను సెకన్లుగా, అంటే పూర్ణాంకాలుగా మార్చాక పని ఇంతే:

```python
def merge(rows):
    out = []
    for s, e in sorted(rows):
        if e < s:
            raise ValueError((s, e))
        if e == s:
            continue
        if out and s <= out[-1][1]:
            out[-1][1] = max(out[-1][1], e)
        else:
            out.append([s, e])
    return out
```

ముగింపు మొదలు కంటే ముందుంటే ఆగిపోతుంది. అలాంటి వరుస గడియారం వెనక్కి జరిగిందని చెబుతుంది, దాన్ని మౌనంగా వదలకూడదు. సున్నా నిడివి వరుసలను మాత్రం వదిలేస్తుంది. మన అర్థం ప్రకారం అలాంటి వరుసలో ఒక్క సెకను కూడా లేదు. వీటి గురించి ఒక సూక్ష్మం ఉంది. పోలిక `<=` అయితే, ఇంకో వరుసను తాకుతున్న సున్నా వరుస దానిలో కలిసిపోతుంది. పోలిక `<` అయితే ఫలితం సార్ట్‌లో వచ్చే క్రమం మీద ఆధారపడుతుంది: `(10, 10)` ముందు వచ్చి `(10, 12)` తరువాత వస్తే రెండు ఖండాలు, తారుమారైతే ఒక్కటే ఖండం. నిడివి ఉన్న వరుసలకు ఈ ఇబ్బంది రాదు, ఎందుకంటే ఒకే మొదలు ఉన్న రెండు నిజమైన వరుసలు ఎలాగూ ఒకదానిపై ఒకటి పడతాయి. మొదలు ప్రకారం మాత్రమే సార్ట్ చేసి, ఒకే మొదలు ఉన్నవాటి క్రమాన్ని పట్టించుకోని కోడ్‌లో, ఒకే డేటాకు రెండు రోజుల్లో రెండు సమాధానాలు వస్తే ముందుగా సున్నా వరుసలను వెతకాలి.

సరిచూడటానికి సార్ట్‌తో సంబంధం లేని దారి ఎంచుకున్నాం. రోజుకు 86,400 సెకన్లు, 31 రోజుల నెలకు 26,78,400. అంత పొడవైన జాబితాలో ప్రతి వరుసకు `range(s, e)` లోని గడులను 1 చేశాం; పైథాన్ `range` కూడా మొదలు చేర్చి ముగింపు వదిలేదే కాబట్టి అర్థం సరిగ్గా సరిపోతుంది. 1ల మొత్తం నిలుపుదల సెకన్లు, వరుసగా ఉన్న 1ల గుంపుల సంఖ్య ఖండాల సంఖ్య. ఈ పద్ధతిలో ‘తాకితే కలపాలా’ అన్న ప్రశ్నే తలెత్తదు, పక్కపక్క గడులు సహజంగానే ఒక గుంపు. నెల మొత్తానికి రెండు దారుల్లోనూ సంఖ్య, మొత్తం సరిపోయాయి.

కలపకూడని చోటు

పైదంతా చదివి `<=` ఎప్పుడూ సరైనదని అనుకోవడం పొరపాటు. అదే భవనంలో సమావేశ గది కేటాయింపులు చూసే ప్రోగ్రాం ఉంది. ఒక సంస్థకు 10 నుంచి 11 వరకు, ఇంకో సంస్థకు 11 నుంచి 12 వరకు గది ఇస్తే అది ఢీకొనడం కాదు. అక్కడ ఢీని పట్టే పోలికలో `<` ఉండాలి. గది మొత్తంగా ఎంతసేపు ఖాళీ లేదో చూపాలంటే మాత్రం ఆ రెండింటినీ కలపాలి, లేకపోతే ఖాళీ సమయాల జాబితాలో ‘11:00 నుంచి 11:00 వరకు’ అనే సున్నా నిడివి ఖాళీ ఒకటి ప్రత్యక్షమవుతుంది. జేమ్స్ అలెన్ 1983లో రెండు ఇంటర్వల్స్ మధ్య సాధ్యమైన సంబంధాలను 13గా విభజించినప్పుడు, తాకడాన్ని ఒకదానిపై ఒకటి పడటం నుంచి వేరుగానే ఉంచారు. తాకడం తనంత తాను ఒక సంబంధం. దాన్ని ఏ పక్కకు చేర్చాలో అడిగే ప్రశ్న నిర్ణయిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లోనూ కొసలు తాకిన `[)` రేంజ్‌లకు `&&` అబద్ధమని చెబుతుంది, 14వ వెర్షన్‌లో వచ్చిన `range_agg` వాటిని ఒక్కటిగా కలుపుతుంది, రెండూ సరైనవే.

ఇప్పుడు 14:10 సంగతి. మీటరు ప్రకారం 14:09:50కి ఫేజ్ తిరిగి వచ్చి, 14:10:20కి మళ్లీ పోయింది. ఎలక్ట్రీషియన్ రిజిస్టరులో ‘2:02 – 2:10’, దాని కిందే ‘2:10 – 2:25’ అని రెండు వరుసలున్నాయి. నిమిషాలలో రాసినందువల్ల 30 సెకన్ల ఖాళీ కనిపించకుండా పోయి, కొసలు తాకినట్టయింది. ఒకే సంఘటనను రెండుసార్లు ఎందుకు రాశారని అడిగితే, ఆయన సమాధానం స్పష్టంగా ఉంది: “ఒకటి కాదు సార్, రెండు. కరెంటు అట్ల వచ్చి ఇట్ల పోయింది. లిఫ్టు రెండుసార్లు రీసెట్ చేసిన, అందుకే రెండు రాసిన.”

రిజిస్టరును మిగతా లాగ్‌లతో పాటు ఒకే జాబితాలో పోసి ఉంటే, 14:02 నుంచి 14:25 దాకా అది పరిచే దుప్పటి కింద మీటరు చూపిన 30 సెకన్లు కప్పబడిపోయి, రెండు సంఘటనలు ఒక్కటయ్యేవి. ముతక కొలత ఉన్న మూలాన్ని సన్నటి కొలత ఉన్న మూలంతో కలిపినప్పుడు గెలిచేది ఎప్పుడూ ముతకదే, ఎందుకంటే కలపడం అనే పని సమయాన్ని చేర్చగలదే గాని తీసివేయలేదు. అందుకని రిజిస్టరును కలపడంలో వాడటం మానేశాం. మీటరు, ప్యానెల్ రెండూ లేని గంటలకు మాత్రమే దాన్ని తీసుకుంటాం, అప్పుడు కూడా దాని వరుసలను ఒకదానితో ఒకటి కలపం. ఒక్కో వరుసను ఒక్కో సంఘటనగా ఉంచుతాం. నిమిషాల కొలతలో తాకిన కొసలకు, మనిషి వేరుగా రాశాడన్న ఆధారమే ఎక్కువ విలువైనది.

చిన్న ఖాళీలను సహించి కలపాలన్న సూచన కూడా ఒకటి వచ్చింది: 60 సెకన్ల లోపు ఖాళీ ఉంటే ఒకే సంఘటనగా చూపవచ్చు గదా అని. లిఫ్టు రీసెట్‌ల సంఖ్య ఎవరికీ అక్కరలేకపోతే అది సమంజసమే. అయితే అలా కలిపిన ఖండం నిడివిని `e - s`గా తీసుకుంటే, కరెంటు ఉన్న ఆ 30 సెకన్లు కూడా నిలుపుదలలో చేరిపోతాయి. వరుసగా పది చిన్న ఖాళీలుంటే ఐదు నిమిషాలు చేరతాయి. సహనం పెట్టేట్లయితే సంఘటనల గుంపులు కట్టడానికే దాన్ని వాడి, నిడివిని మాత్రం సహనం లేకుండా కలిపిన ఖండాల నుంచి కూడాలి. మా భవనం ఒప్పందం రీసెట్‌లను కూడా అడుగుతుంది కాబట్టి సహనం సున్నాగానే ఉంచాం.

నెలాఖరు అర్ధరాత్రిని దాటే సంఘటనకు కూడా ఇదే క్రమం పాటిస్తున్నాం. రెండు నెలల వరుసలు కలిపి తీసుకుని, ముందు ఖండాలు కట్టి, 5 నిమిషాల హద్దు చూసి, ఆ తరువాతే నెల గీత దగ్గర కత్తిరిస్తాం. నిమిషాలు ఏ నెలవి ఆ నెలకు పోతాయి, సంఘటన సంఖ్య మాత్రం అది మొదలైన నెలలోనే పడుతుంది.